ప్యాడ్ మార్చినా పోని ఆలస్యం: పర్ఫార్మెన్స్ మోడ్, టీవీ గేమ్ మోడ్ ఎక్కడి నుంచి వచ్చాయి

కర్నూలులో గంటకింత అని ప్లేస్టేషన్ ఆడించే గేమ్ సెంటర్లకు వెళ్తే రోజూ వినపడే గొడవ ఒకటుంది. "అన్నా, ప్యాడ్ మార్చన్నా, నొక్కితే లేటుగా ఎగురుతాండాడు." ఓనర్ ప్యాడ్ మారుస్తాడు, కాసేపటికి అదే పిల్లోడు మళ్లీ అదే మాట అంటాడు. చాలాసార్లు ప్యాడ్‌లో ఏమీ ఉండదు. బటన్ నొక్కడానికీ తెర మీద మనిషి కదలడానికీ మధ్య ఆలస్యం కొంత గేమ్ లోపల పుడుతుంది, కొంత టీవీ లోపల పుడుతుంది. ఈ రెండూ వేర్వేరు కారణాలతో, కాస్త అటూ ఇటుగా ఒకే కాలంలో మన ఇళ్లలోకి వచ్చాయి.

డబ్బా టీవీల కాలంలో ఈ గోల లేదు. క్యాసెట్ పెట్టి ఆడే 8-బిట్ గేమ్‌ను ఆ టీవీకి తగిలిస్తే, సిగ్నల్ ఎట్లా వస్తే అట్లా గీత తర్వాత గీత తెర మీద పడిపోయేది, టీవీ దేన్నీ దాచిపెట్టుకుని ఆలోచించేది కాదు. బాతుల్ని కాల్చే తుపాకీ గేమ్ గుర్తుందా? ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల డబ్బా మెరిసేది, తుపాకీ గొట్టంలోని సెన్సర్ సరిగ్గా ఆ క్షణంలో ఆ వెలుగు కనపడిందా లేదా అని చూసేది. అదే తుపాకీని ఇప్పటి ఎల్‌ఈడీ టీవీ ముందు పెడితే ఒక్క బాతూ పడదు. ఆ వెలుగు రావాల్సిన సమయానికి రాదు కదా.

2006 ప్రాంతంలో రెండు మార్పులు కలిసి వచ్చాయి. పీఎస్3 కాలానికి పెద్ద పెద్ద గేమ్‌లు సెకనుకు 30 ఫ్రేమ్‌ల, అంటే 30 బొమ్మల దగ్గర ఆగడం మామూలైపోయింది, ఎందుకంటే కెమెరా ముందు పెట్టే బొమ్మ బరువెక్కింది, ఒక్కో ఫ్రేమ్ గీయడానికి 33 మిల్లీసెకన్లు తీసుకుంటే తప్ప పని జరగలేదు. ఎన్ని ఫ్రేమ్‌లన్నది కంపెనీ ఇష్టం, ఆడేవాడిని అడిగింది ఎవరు? అదే సమయంలో డబ్బా టీవీలు పోయి ఎల్‌సీడీలు వచ్చాయి. ఎల్‌సీడీలో ఒక ఫ్రేమ్ వచ్చాక తర్వాతది వచ్చేదాకా అట్లే నిలబడి ఉంటుంది కాబట్టి, క్రికెట్‌లో బంతి పోతుంటే అలుక్కుపోయినట్టు కనపడేది. ఆ మసకను పోగొట్టడానికి టీవీ కంపెనీలు రెండు ఫ్రేమ్‌ల మధ్య తామే కొత్త ఫ్రేమ్ తయారుచేసి దూర్చడం మొదలుపెట్టాయి. మధ్య ఫ్రేమ్ తయారవ్వాలంటే తర్వాతి ఫ్రేమ్ వచ్చేదాకా ముందరిదాన్ని పట్టుకుని కూర్చోవాలి. క్రికెట్ చూసేవాడికి ఆ పదో వంతు సెకను పోయినా తెలియదు, ఆడేవాడికి మాత్రం వెంటనే చేతికి తెలుస్తుంది. అందుకే ఈ అదనపు పనులన్నీ పక్కనపెట్టి ఫ్రేమ్‌ను నేరుగా తెరకు పంపే గేమ్ మోడ్ టీవీల్లోకి వచ్చింది. వచ్చింది గానీ మెనూలో ఎక్కడో అడుగున దాక్కుంది, రిమోట్ పట్టుకునే పెద్దాయనకు దాంతో పనేముంది!

ఫ్రేమ్‌లు ఎక్కువ కావాలా బొమ్మ బాగుండాలా, అంటే పర్ఫార్మెన్సా క్వాలిటీనా అని గేమే మనల్ని అడగడం మాత్రం ఎక్కువగా 2016 నవంబర్‌లో పీఎస్4 ప్రో వచ్చాకే అలవాటైంది. ఆ మెషీన్‌లో బొమ్మ గీసే చిప్ బలం పాత పీఎస్4 కన్నా రెండింతలు దాటింది, లెక్కలు చేసే ప్రాసెసర్ మాత్రం పాత రకమే, వేగం కాస్త పెంచారంతే. అదనపు బలాన్ని 4కే బొమ్మకు వాడాలా, ఫ్రేమ్‌లకు వాడాలా? అప్పటికి చాలామంది ఇళ్లలో 4కే టీవీయే లేదు. దాంతో కంపెనీలు ఆ నిర్ణయాన్ని మెనూలో పెట్టి మన మీదికి తోసేశాయి. 2018లో వచ్చిన 'గాడ్ ఆఫ్ వార్' ప్రోలో రిజల్యూషన్ వైపా, పర్ఫార్మెన్స్ వైపా అని సూటిగా అడిగింది. 2020లో పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ వచ్చేసరికి ప్రాసెసర్ కూడా బలపడింది కాబట్టి 60 ఫ్రేమ్‌లు అందుబాటులోకి వచ్చాయి, కానీ వెలుగు కిరణాలు ఎట్లా పడతాయో లెక్కకట్టి గీసే రే ట్రేసింగ్ వచ్చి మళ్లీ బలమంతా తినేయడంతో ఎంపిక పోలేదు. 4కే ఫ్రేమ్ అంటే దాదాపు 83 లక్షల పిక్సెళ్లు, 1440పీ అంటే 37 లక్షలు. సగం కన్నా తక్కువ గీస్తే సగం సమయంలో, అంటే 16.7 మిల్లీసెకన్లలో ఫ్రేమ్ పూర్తవుతుంది. పర్ఫార్మెన్స్ మోడ్ వెనక ఉన్న లెక్క దాదాపు అంతే. 2024లో పీఎస్5 ప్రోను చూపిస్తూ సోనీ ఆర్కిటెక్ట్ మార్క్ సెర్నీ చెప్పిందేమంటే, అడిగినప్పుడు దాదాపు మూడొంతులు మంది పర్ఫార్మెన్స్ వైపే పోతున్నారట, అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు. నాకేమీ ఆశ్చర్యం అనిపించలేదు.

ఇప్పుడు మన గేమ్ సెంటర్ టీవీ దగ్గరికి వద్దాం. 55 అంగుళాల కొత్త 4కే టీవీ, షోరూమ్‌లో మెరిసిన Vivid పిక్చర్ అట్లే ఉంది, పీఎస్5లో ఒక యాక్షన్ గేమ్ క్వాలిటీ మోడ్‌లో నడుస్తోంది. ఫోన్ స్లో మోషన్‌ను సెకనుకు 240 ఫ్రేమ్‌లకు పెట్టి, ప్యాడ్, తెర రెండూ కనపడేలా వీడియో తీశాం. బొటనవేలు బటన్‌ను పూర్తిగా అదిమిన ఫ్రేమ్ నుంచి బొమ్మ కాలు లేచిన ఫ్రేమ్ దాకా లెక్కపెడితే సుమారు 52 వచ్చాయి. ఒక్కోటి 4 మిల్లీసెకన్ల పైచిలుకు, అంటే దాదాపు 217 మిల్లీసెకన్లు. టీవీలో గేమ్ మోడ్ వేస్తే 30కి, అంటే 125కి దిగింది. గేమ్‌ను పర్ఫార్మెన్స్‌కు మారిస్తే 20 ఫ్రేమ్‌లు, 83 మిల్లీసెకన్లు. ప్యాడ్ మాత్రం మొదటి నుంచీ అదే. ఈ పద్ధతిలో ఫ్రేమ్ అటో ఇటో తేడా వస్తుంది కాబట్టి నాలుగైదు సార్లు తీసి సగటు చూసుకోవాలి.

మధ్యలో ఒక తమాషా జరిగింది, చాలామంది మోసపోయేది ఇక్కడే. గేమ్ మోడ్ వేశాక క్వాలిటీ మోడ్‌లో కెమెరా తిప్పితే బొమ్మ ఇంతకుముందు కన్నా కుదుపుగా కనపడింది, రంగులు కూడా చప్పబడ్డాయి. "అన్నా, చెడగొట్టినావు" అన్నాడు పక్కన కూర్చున్నోడు. చెడలేదు. ఇన్నాళ్లూ టీవీ తన సొంత ఫ్రేమ్‌లు దూర్చి 30 ఫ్రేమ్‌ల కుదుపును దాచింది, ఇప్పుడు ఆ ముసుగు పోయింది. రంగుల సంగతి అయితే, Vivid నీలం వైపు లాగుతుంది, గేమ్ మోడ్‌లో కలర్ టెంపరేచర్‌ను కొద్దిగా వార్మ్ వైపు జరిపితే కంటికి కుదురుకుంటుంది. అందుకే ముందు టీవీలో గేమ్ మోడ్ వేసి, ఆ తర్వాతే రెండు మోడ్‌లనూ పోల్చాలి, లేకపోతే టీవీ చేసే మేకప్‌ను చూసి తీర్పు చెప్పినట్టవుతుంది. చాలా టీవీల్లో ఈ సెట్టింగ్ ఒక్కో హెచ్‌డీఎమ్‌ఐ పోర్టుకు వేరుగా ఉంటుంది, ఊడ్చేటప్పుడు కేబుల్ తీసి పక్క పోర్టులో పెడితే పాత కథ మళ్లీ మొదలు.

2017 నవంబర్‌లో వచ్చిన హెచ్‌డీఎమ్‌ఐ 2.1 ఈ తలనొప్పికి ALLM అని ఒక మందు ఇచ్చింది. గేమ్ మొదలవగానే కన్సోలే టీవీని గేమ్ మోడ్‌లోకి మార్చుతుంది. పీఎస్5లో అది ఇక్కడ ఉంటుంది:

```
Settings > Screen and Video > Video Output
```

ప్రతి గేమ్‌లో వెతుక్కోకుండా ముందే పర్ఫార్మెన్స్ ఎంచుకోవాలంటే ఇక్కడ:

```
Settings > Saved Data and Game/App Settings > Game Presets
```

ఈ ప్రీసెట్‌ను అన్ని గేమ్‌లూ పట్టించుకోవు, ఒకసారి గేమ్ మెనూలోనూ చూసుకోండి.

ఈ మధ్య కొన్ని గేమ్‌లు మధ్యేమార్గంగా 40 ఫ్రేమ్‌ల మోడ్ ఇస్తున్నాయి, 'రాచెట్ అండ్ క్లాంక్: రిఫ్ట్ అపార్ట్' అందులో ముందుది. 40 అంటే ఒక్కో ఫ్రేమ్‌కు 25 మిల్లీసెకన్లు, 33కీ 16.7కీ సరిగ్గా మధ్యలో, బొమ్మ దాదాపు క్వాలిటీ మోడ్‌దే. అయితే మామూలుగా దీనికి సెకనుకు 120 సార్లు తెర మార్చే 120 హెర్ట్జ్ టీవీ ఉండాలి, 120లో 40 మూడుసార్లు పడుతుంది, 60లో సమానంగా పంచలేం. మన ఊళ్లలో ఎక్కువగా అమ్ముడయ్యే 43 అంగుళాలవి 60 హెర్ట్జ్‌వే, వాటి మీద ఆ మోడ్ సాధారణంగా మెనూలోనే కనపడదు. షోరూమ్‌లో మోషన్ రేట్ 120 అని స్టిక్కర్ చూపిస్తే నమ్మకండి, అది చాలావరకు టీవీ దూర్చే ఫ్రేమ్‌ల లెక్క. ప్యానెల్ నేటివ్‌గా 120 హెర్ట్జా, 4కే 120 తీసుకునే పోర్టు ఏది అని ఆ రెండు ప్రశ్నలూ మోడల్ నంబర్ చూపించి అడగండి.