స్కానింగ్‌లో ఏమీ లేదు, తల మాత్రం నొస్తూనే ఉంది

ఆదోని దగ్గరి ఒక ఊరి ఆడమనిషి, వయసు ముప్పై ఎనిమిది. పొద్దున పత్తి చేలో కూలి, రాత్రి ఇంట్లో కుట్టు మిషన్. "రెండేండ్ల నుంచి తలకాయ నొస్తాంది సార్. గుడ్డ బిగించి కట్టుకుంటే కొంచెం తగ్గుతాది" అంటుంది. మొదట కళ్లు చూపించుకుని అద్దాలు వేసుకుంది. గ్యాస్ వల్ల అనుకుని ఆ మాత్రలూ మింగింది. చివరికి అప్పు చేసి సీటీ స్కాన్ తీయించుకుంటే అంతా నార్మల్ అని వచ్చింది. "ఏమీ లేదమ్మా, టెన్షన్ పెట్టుకోవద్దు" అని పంపించారు. ఆ రోజుకు ఊరట కలిగింది. వారం తిరగకముందే కొత్త భయం మొదలైంది. ఏమీ లేకపోతే ఎందుకు నొస్తాంది? స్కాన్‌కు దొరకని జబ్బేదో ఉందేమో?

ఇది ఒక్క మనిషి కథ కాదు. కర్నూలు, అనంతపురం, కడప వైపు ఓపీల్లో మళ్లీ మళ్లీ కనిపించే విషయాలను ఒకచోట చేర్చి చెప్తున్నాను. "ఏమీ లేదు" అన్న ఆ చిన్న మాట వెనక దాదాపు తొంభై ఏళ్ల చరిత్ర ఉంది.

1930ల్లో న్యూయార్క్‌లో హెరాల్డ్ వుల్ఫ్ అనే డాక్టర్ తలనొప్పిని ప్రయోగాలతో పరిశీలించడం మొదలుపెట్టాడు. మైగ్రేన్‌కు తల రక్తనాళాలు వ్యాకోచించడం కారణమని చెప్పింది ఆయనే. ఆ రోజుల్లోనే, 1937లో, మైగ్రేన్ వచ్చేవాళ్ల స్వభావం గురించి కూడా రాశాడు. వాళ్లు అన్నీ పద్ధతిగా జరగాలనుకుంటారని, పట్టు విడవరని, ఎప్పుడూ ఒత్తిడిలో ఉంటారని ఆయన వర్ణన. మనసుకూ తలనొప్పికీ సంబంధం ఉందని గమనించినంత వరకు అది మంచిదే. కానీ "నీ స్వభావమే నీ జబ్బు" అనే అర్థం అందులోంచి పుట్టుకొచ్చింది. ఆ తర్వాత చాలాకాలం తలనొప్పులను రెండు గంపల్లో వేశారు. రక్తనాళాలది ఒక గంప, నరాల బలహీనత, టెన్షన్‌ల గంప ఇంకొకటి. రెండో గంపలో పడ్డవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, దక్కింది వైద్యం కాదు, సలహా.

1964లో సిడ్నీలో జేమ్స్ లాన్స్, ఆయన తోటి డాక్టర్ కర్రన్ కలిసి విడవని తలనొప్పి ఉన్నవాళ్లకు అమిట్రిప్టిలిన్ ఇచ్చి చూశారు. అది దిగులు జబ్బు కోసం అప్పుడప్పుడే వాడకంలోకి వచ్చిన మందు. తలనొప్పి తగ్గింది, దిగులు లేనివాళ్లకు కూడా తగ్గింది. అంటే ఆ మందు నొప్పి మీద విడిగా పనిచేస్తోంది. అరవై ఏళ్లు దాటినా తలనొప్పికి ఇప్పటికీ అదే మాత్ర రాస్తున్నారు. దీని డోసు విషయంలో ఒక చిక్కుంది, దాని గురించి తర్వాత చెప్తాను.

అసలు మలుపు అమెరికాలోని డెట్రాయిట్ ప్రాంతం నుంచి వచ్చింది. నవోమీ బ్రెస్లౌ బృందం ఇరవై ఒకటి నుంచి ముప్పై ఏళ్ల లోపు వాళ్లను దాదాపు వెయ్యి మందిని ఎంచుకుని, కొన్నేళ్ల పాటు మళ్లీ మళ్లీ కలిసి అడిగింది. ఎవరికి ఏది ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది అన్నది వాళ్ల ప్రశ్న. నొప్పి ఉంటే ఎవరికైనా దిగులు రాదా అనుకుంటాం కదా, అదే నిజమైతే దారి ఒకవైపే ఉండాలి. 1994లో వచ్చిన ఫలితం వేరేలా ఉంది. మైగ్రేన్ ఉన్నవాళ్లకు తర్వాత డిప్రెషన్ వచ్చే అవకాశం సుమారు మూడు రెట్లు ఉంది. డిప్రెషన్ ఉన్నవాళ్లకు తర్వాత కొత్తగా మైగ్రేన్ మొదలయ్యే అవకాశం కూడా దాదాపు అంతే. మైగ్రేన్ కాని తీవ్రమైన తలనొప్పుల్లో మాత్రం ఈ రెండో దారి అంత స్పష్టంగా కనిపించలేదని అదే బృందం తర్వాత చెప్పింది. కాబట్టి ఇది కేవలం "నొప్పితో విసిగిపోవడం" కాదు. మెదడులో నొప్పిని అదుపులో పెట్టే దారులూ, మనసు కుదురును చూసే దారులూ చాలావరకు ఒకటే. సెరటోనిన్ లాంటి రసాయనాలు రెండు చోట్లా పనిచేస్తాయి.

ఇంట్లో ఇది ఎలా నడుస్తుందో ఆదోని ఆమె రోజులో చూడొచ్చు. రాత్రి అప్పు గుర్తొచ్చి పన్నెండైనా నిద్ర పట్టదు. తెల్లవారి లేచేసరికి మెడ, దవడ బిగుసుకుని ఉంటాయి. "ఈరోజు కూడా నొస్తే కూలికి పోలేనే" అన్న భయంతోనే రోజు మొదలవుతుంది. నొప్పి రాకముందే, ముందు జాగ్రత్తగా, ఒక మాత్ర వేసుకుంటుంది. ఎండ, ఖాళీ కడుపు తోడై మధ్యాహ్నానికి నొప్పి రానే వస్తుంది, ఇంకో మాత్ర పడుతుంది. సాయంత్రం ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. పక్కింటి పెళ్లికి పోలేదు, కుట్టుపని వెనక్కి ఇచ్చేసింది. డబ్బు తగ్గింది, అప్పు భయం పెరిగింది, మళ్లీ నిద్ర లేదు.

ఈ చుట్టులో అందరూ మరిచిపోయేది మాత్ర. మామూలు నొప్పి మాత్రలు నెలలో పదిహేను రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే పది రోజులు, మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రలే తలనొప్పిని తెచ్చిపెడతాయి. ముందే తలనొప్పి ఉన్నవాళ్లలోనే ఇలా జరుగుతుంది. నొప్పి భయంతో ముందుగా మింగేవాళ్లు ఆ సంఖ్యను తెలియకుండానే దాటేస్తారు. మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే నిద్రమాత్ర కూడా జతపడితే చిక్కు ఇంకా ముదురుతుంది.

రెండింటినీ కలిపి వైద్యం చేస్తే ఏమవుతుందో గట్టిగా తేల్చిన పరీక్ష 2001లో వచ్చింది. ఒహాయోలో కెన్నెత్ హోల్రాయిడ్ బృందం విడవని టెన్షన్ తలనొప్పి ఉన్న 203 మందిని నాలుగు గుంపులు చేసింది. ఒక గుంపుకు అమిట్రిప్టిలిన్ తరహా మందు, ఒక గుంపుకు ఒత్తిడిని పట్టుకునే శిక్షణ, ఒక గుంపుకు రెండూ, ఇంకో గుంపుకు ఉత్తుత్తి మాత్ర. తలనొప్పి కనీసం సగానికి తగ్గినవాళ్లు మందు గుంపులో నూటికి 38 మంది, శిక్షణ గుంపులో 35 మంది, ఉత్తుత్తి మాత్రకు 29 మంది. రెండూ అందినవాళ్లలో 64 మంది. మందు త్వరగా పని చూపించింది, శిక్షణకు నెలలు పట్టింది. ఆ శిక్షణ ఎంతనుకుంటున్నారు? ఆసుపత్రికి మూడుసార్లు రావడం, మధ్యలో రెండు ఫోన్ కాల్స్. మన జిల్లాల్లో అసాధ్యమేమీ కాదని నాకు గట్టిగా అనిపించేది ఈ వివరం చూసినప్పుడే.

నిజానికి మందుతో పాటు మనసునూ ఊళ్లోనే చూడొచ్చన్న ఆలోచన మన పక్కనే రూపం దిద్దుకుంది. 1800లో దత్త మండలాలుగా మనతో పాటే కుంపణీ చేతికి పోయిన బళ్లారి జిల్లాలో, 1980ల్లో, బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, కార్యకర్తలకు మానసిక వైద్యంలో శిక్షణ ఇచ్చారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ బళ్లారి అనుభవమే నమూనా. అయితే దాని దృష్టి ఎక్కువగా తీవ్రమైన మానసిక జబ్బుల మీద, మూర్ఛల మీద ఉండింది. తలకు గుడ్డ కట్టుకుని వచ్చే మనిషి అందులో కనపడలేదు. ఆమె తనంతట తాను "నాకు దిగులుగా ఉంది" అనదు, "తలకాయ నొస్తాంది" అంటుంది.

అందుకే అడిగే తీరు ముఖ్యం. డిప్రెషన్ పట్టుకోవడానికి వాడే తొమ్మిది ప్రశ్నల పట్టికలో నిద్ర, నీరసం, ధ్యాస నిలవకపోవడం ఉంటాయి. తలనొప్పి ఒక్కటే ఉన్నా వీటికి మార్కులు పడతాయి. తేడా చెప్పేవి మొదటి రెండు ప్రశ్నలు: ఇదివరకు ఇష్టంగా చేసే పనుల మీద ఆసక్తి పోయిందా, మనసు కుంగినట్టుందా. చివరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. దాన్ని అడగకుండా వదలకూడదు.

ఆదోని ఆమెకు తొమ్మిది ప్రశ్నల్లో 27కు 14 వచ్చాయి, అంటే మధ్యస్థ డిప్రెషన్. క్యాలెండర్ మీద గుర్తు పెట్టిస్తే నెలలో 22 రోజులు నొప్పి, 18 రోజులు మాత్రలు. మొదట నొప్పి మాత్రలు ఆపించారు. ఆపిన మొదటి వారం, పది రోజులు నొప్పి పెరుగుతుందని ముందే చెప్పారు. ఆ మాట చెప్పకపోతే నాలుగో రోజే మళ్లీ షాపుకు పోతారు. రాత్రి ఎనిమిదికి అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు, రెండు వారాలకు 25. ఆలస్యంగా వేసుకుంటే పొద్దున మత్తు వదలదు, నోరెండిపోవడం, మలబద్ధకం ఉంటాయి. గుండె జబ్బు, కంటి లోపలి ఒత్తిడి ఉన్నవాళ్లకు ఈ మందు ఇచ్చేముందు ఆలోచించాలి.

ఆరు వారాలకు నొప్పి రోజులు 13కు దిగాయి, కానీ ప్రశ్నల స్కోరు 12 దగ్గరే ఆగింది. నేను పైన అన్న చిక్కు ఇదే. తలనొప్పికి 10 నుంచి 50 మిల్లీగ్రాములు సరిపోతాయి, డిప్రెషన్‌కు సాధారణంగా 75కు పైనే కావాలి. చిన్న డోసు రాసి "మనసుకూ అదే పనిచేస్తుందిలే" అనుకుంటే దిగులు అలాగే మిగిలిపోతుంది. ఆమెకు ఆ మందు తగ్గించి ఆపి, రెండింటికీ పనికొచ్చే వెన్లాఫాక్సిన్ మొదలుపెట్టారు. 37.5తో ఆరంభించి, బీపీ చూసుకుంటూ మెల్లగా 150 దాకా పెంచారు. దీన్ని ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, వాంతులు వస్తాయి. ఇంకొక జాగ్రత్త: మైగ్రేన్‌కు మన దగ్గర విరివిగా రాసే ఫ్లూనరిజిన్ కొందరిలో డిప్రెషన్ తెస్తుంది. ఇదివరకు దిగులు జబ్బు ఉంటే డాక్టర్‌కు ఆ సంగతి చెప్పి తీరాలి.

మందుతో పాటు మూడుసార్లు కౌన్సెలింగ్. భుజాలు, దవడ బిగించి వదిలే సాధన రోజూ పదిహేను నిమిషాలు. ఒక్కపొద్దు ఉన్నా ఖాళీ కడుపుతో చేనికి పోకూడదన్న ఒప్పందం. "నొస్తే పనికి పోలేను" అన్న ఆలోచన ఎన్ని రోజులు నిజమైందో క్యాలెండర్ చూసి లెక్కపెట్టడం. ఆమె లెక్కపెట్టింది. నొప్పి ఉన్న రోజుల్లో సగానికి పైగా పనికి పోయింది, ఆ సంగతి తనకే గుర్తులేదు.

దీనికీ హద్దులున్నాయి. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చే నొప్పి, జ్వరంతో మెడ పట్టేయడం, చేయి కాలు పట్టు తప్పడం, చూపు మసకబారడం, యాభై దాటాక మొదటిసారి మొదలైన తలనొప్పి, వీటికి ముందు పరీక్షలే కావాలి, దిగులు ప్రశ్నలు తర్వాత. కౌన్సెలర్ దగ్గర్లో లేని ఊళ్లలో 2022 నుంచి టెలీ మానస్ ఉచిత నంబరు 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. చావు ఆలోచనలు వస్తుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ నంబరుకు ఫోన్ చేయాలి, లేదా దగ్గరి ఆసుపత్రికి పోవాలి.

ఐదో నెలలో ఆమె క్యాలెండర్‌లో నొప్పి రోజులు 7, మాత్ర వేసుకున్న రోజులు 4, స్కోరు 5. కుట్టుపని మళ్లీ తెచ్చుకుంటోంది. అప్పు మాత్రం ఇంకా తీరలేదు. వాయిదా కట్టాల్సిన వారంలోనే ఆ ఏడులో మూడు రోజులు పడ్డాయి.