ఓమ్‌ల నుంచి వోల్టుల దాకా: సబ్‌స్టేషన్ ఎర్త్ మ్యాట్ లెక్క ఎలా మారింది

సబ్‌స్టేషన్ ఎర్తింగ్ బాగుందా అని అడిగితే ఇప్పటికీ చాలామంది రెసిస్టెన్స్ ఎంతో చెబుతారు. పెద్ద స్టేషన్‌లో ఒక ఓమ్ లోపు వస్తే చాలనుకోవడం పాత అలవాటు. కానీ మనిషి ప్రాణం ఆ ఒక్క అంకె మీద ఆధారపడదు. ఎర్త్ మ్యాట్ అంటే యార్డు కింద పాతిన కండక్టర్ల వల. దాని రెసిస్టెన్స్ అర ఓమే అనుకుందాం. ఫాల్ట్ వచ్చి మ్యాట్ నుంచి భూమిలోకి 5,000 ఆంపియర్లు దిగితే మ్యాట్, దానికి కలిపిన స్ట్రక్చర్లు 2,500 వోల్టులకు లేస్తాయి. అప్పుడు స్ట్రక్చర్‌ను పట్టుకున్న చేతికీ, నేల మీది కాళ్లకీ మధ్య ఎన్ని వోల్టులు పడతాయన్నదే అసలు ప్రశ్న. అది టచ్ పొటెన్షియల్. నడిచే మనిషి రెండు పాదాల మధ్య పడేది స్టెప్ పొటెన్షియల్.

ఎంత కరెంటును గుండె తట్టుకుంటుందో తేల్చడంలో కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రొఫెసర్ చార్లెస్ డాల్జియల్ పని కీలకం. షాక్ ఎంతసేపు ఉంటే ప్రమాదం అంత పెరుగుతుందని ఆయన సూత్రం చెబుతుంది. దాని ఆధారంగా 1961లో అమెరికాలో సబ్‌స్టేషన్ ఎర్తింగ్ గైడ్ వచ్చింది. అదే నేటి IEEE 80. మొదట ఒక సెకను షాక్‌కు 165 మిల్లీ ఆంపియర్ల దాకా ఒప్పుకున్నారు. తర్వాత 50 కిలోల మనిషిని లెక్కలోకి తీసుకుని దాన్ని 116కి దించారు. 50 కిలోల మనుషులు ఎందరో ఉన్న మన దగ్గర ఈ అంకె వాడడమే సబబు.

ఈ లెక్కలో యార్డులో పరిచే కంకర బలం బయటపడింది. నేల రెసిస్టివిటీ 100 ఓమ్ మీటర్లు, ఫాల్ట్ అర సెకనులో తెగుతుంది అనుకుంటే, ఉత్త నేల మీద నిలబడిన మనిషికి భరించదగిన టచ్ పొటెన్షియల్ దాదాపు 189 వోల్టులే. పది సెంటీమీటర్ల మందాన, 3,000 ఓమ్ మీటర్ల కంకర పరిస్తే అది 680కి చేరుతుంది. కంకర మ్యాట్ వోల్టేజీని తగ్గించదు, ఒంట్లోకి పోయే కరెంటును తగ్గిస్తుంది. స్టెప్ పొటెన్షియల్‌కు ఇదే కంకరతో హద్దు 2,200 దాటుతుంది, అందుకే డిజైన్‌లో మామూలుగా ఇబ్బంది పెట్టేది టచ్చే.

మన ఉదాహరణలో మూల గడిలో టచ్ పొటెన్షియల్ 500 వోల్టులు వచ్చిందనుకుందాం. సాధారణంగా అక్కడే ఎక్కువ, అందుకే అంచుల్లో కండక్టర్లను దగ్గరగా వేస్తారు. కంకర ఉంటే 680 హద్దుకు లోపలే, గండం లేదు. నాలుగు వానాకాలాలు గడిచి కంకరలో మట్టి నిండి, గడ్డి మొలిచి, దాని రెసిస్టివిటీ 1,000కి పడిపోతే హద్దు 340 వోల్టుల దగ్గరకు జారుతుంది. మ్యాట్ రెసిస్టెన్స్ కొలిస్తే మాత్రం అదే అర ఓమ్! మీటర్ ఈ మార్పును పట్టుకోలేదు, యార్డులోకి వెళ్లి కంకరను తవ్వి చూడాల్సిందే.

ఫాల్ట్‌ను పసిగట్టి బ్రేకర్‌ను తెరిపించే రిలే టైమ్ సంగతీ అంతే. కంకర కొత్తదే అయినా మొదటి బ్రేకర్ తెగక, బ్యాకప్ పనిచేసేసరికి ఒక సెకను పడితే 680 హద్దు 480కి తగ్గుతుంది. అప్పుడు 500 వోల్టులు ఒప్పుకోదగినవి కావు. కాబట్టి ప్రైమరీ రిలే వేగాన్ని నమ్ముకుని కాకుండా బ్యాకప్ టైమ్‌తో లెక్క కట్టి, అవసరమైతే గడులు ఇంకా చిన్నవి చేయాలి.