క్లయింట్ ఫైళ్లకు దారి ఎవరికి? ఆడిట్ ఆఫీసుకు ఒక్క పేజీ నియమం

ఇద్దరు పార్ట్‌నర్లు, ఇద్దరు అకౌంటెంట్లు, ఇద్దరు ఆర్టికల్స్ ఉన్న ఆడిట్ ఆఫీసు అనుకుందాం. ట్యాలీ డేటా, రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఒకే సర్వర్లో ఉంటాయి. ట్యాక్స్ ఆడిట్ల సీజన్లో అందరూ రాత్రిళ్లు ఇంటి నుంచి కూడా పనిచేస్తారు.

ఉద్యోగుల ఇంటి ఐపీ అడ్రసులను ఫైర్‌వాల్‌లో రాసేస్తే చాలుననిపిస్తుంది. కానీ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ అడ్రసు తరచూ మారిపోతుంది. మొబైల్ నెట్‌లోనైతే ఒకే అడ్రసును ఎందరో వాడుతుంటారు కాబట్టి, మీ అకౌంటెంట్‌కు తెరిచిన దారి ముక్కూముఖం తెలియనివాళ్లకూ తెరుచుకుంటుంది. అందుకే నియమాల పేజీలో ఉండాల్సింది ఇంటి లాప్‌టాప్ నుంచి ఆఫీసు వరకు వేసే వీపీఎన్ టన్నెల్ లోపలి అడ్రసులు.

వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ ఈ పనికి బాగా సరిపోతుంది. ప్రతి లాప్‌టాప్‌కూ సొంత కీ ఉంటుంది. ఆ కీకి ఒకే అడ్రసు ఇస్తూ ఆఫీసు వైపు ఇలా రాస్తారు:

```
[Peer]
PublicKey = (లాప్‌టాప్ పబ్లిక్ కీ)
AllowedIPs = 10.60.9.13/32
```

ఈ కీతో వచ్చిన ప్యాకెట్‌పై వేరే అడ్రసు ఉంటే వైర్‌గార్డ్ దాన్ని పారేస్తుంది. కాబట్టి 10.60.9.13 అంటే ఫలానా లాప్‌టాపేనని ఫైర్‌వాల్ నమ్మవచ్చు. ఇక పేజీలోని అసలు వాక్యాలు ఇవే: "10.60.9.11 నుంచి 16 వరకు ఉన్న అడ్రసులు సర్వర్ 10.60.5.10లో ఫైల్ షేరింగ్ పోర్టు 445ను చేరవచ్చు. రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389 పార్ట్‌నర్ల 11, 12 అడ్రసులకే. మిగతా ప్రతి కనెక్షన్‌నూ ఆపాలి. బయటి ఇంటర్నెట్‌కు యూడీపీ 51820 తప్ప ఏ పోర్టూ తెరవకూడదు."

ఆఫీసు నెట్‌వర్క్‌కు 192.168.1.x వాడకపోవడం మంచిది. చాలా ఇళ్ల రౌటర్లూ అదే వాడతాయి. అప్పుడు టన్నెల్ కనెక్ట్ అయినట్టే కనిపిస్తుంది గానీ, లాప్‌టాప్ ఆఫీసు సర్వర్‌ను ఇంట్లోనే వెతుక్కుంటూ ఉండిపోవచ్చు.

ఎక్కువగా జరిగే తప్పు మరొకటుంది. ఒకరి సెట్టింగు ఫైలును రెండో లాప్‌టాప్‌లోకి కాపీ చేసేస్తారు. రెండూ ఒకేసారి ఆన్‌లో ఉంటే ఇద్దరికీ కనెక్షన్ తెగుతూ అతుకుతూ ఉంటుంది. ఆఫీసులో `wg show` కొట్టి చూస్తే ఆ కీ ఎదురుగా endpoint రెండు అడ్రసుల మధ్య ఊగుతూ కనిపిస్తుంది. అందుకే "ఒక పరికరానికి ఒక కీ, కాపీ నిషేధం" అన్న వాక్యం పేజీలో ఉండి తీరాలి.

టన్నెల్ లాప్‌టాప్‌నే గుర్తుపడుతుంది, దాని ముందు కూర్చున్న మనిషిని కాదు. కాబట్టి సర్వర్లో ఎవరి లాగిన్ వారికే ఉండాలి. ఆర్టికల్స్‌కు తమకు అప్పగించిన క్లయింట్ల ఫోల్డర్లే తెరుచుకోవాలి.

లాప్‌టాప్ పోయినా, ఎవరైనా మానేసినా అదే రోజు ఆ కీ తీసేయాలి:

```
wg set wg0 peer <కీ> remove
```

దీంతో దారి వెంటనే మూసుకుంటుంది. అయితే సెట్టింగు ఫైల్లోంచి కూడా ఆ [Peer] భాగాన్ని చెరిపేయాలి. లేదంటే కరెంటు పోయి వచ్చి మెషీన్ మళ్లీ మొదలైనప్పుడు పాత కీ తిరిగి పనిచేస్తుంది.