డిటెక్టివ్ నవలలో శవం ఎన్నో పేజీలో కనపడాలి? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఒంగోల్లో పద్నాలుగేళ్ళ నుంచి డీటీపీ చేస్తున్నా. మొదట్లో టైపింగూ ప్రూఫులే, తర్వాత్తర్వాత "కొంచెం చదివి ఎట్టా ఉందో చెప్పబ్బా" అని రచయితలు అడగడం మొదలుపెట్టాక ఎడిటింగ్ కూడా నా నెత్తిన పడింది. వచ్చే వాటిల్లో సగానికి సగం క్రైమ్, డిటెక్టివ్ నవలలే, అందుకే దాని గురించే రాస్తున్నా, మిగతా వాటిని మధ్యలో ఒకసారి తడిమి వదిలేస్తా.

అపోహ: నవలకి లెక్కేంది, కథ ఎంత అడిగితే అంత రాయాలి. మాటల లెక్క ఇంగ్లీషోళ్ళ గోల.

లెక్క మనకీ ఉంది, కాకపోతే మనం పేజీల్లో చెప్పుకుంటాం. పోటీకి పంపించినా పత్రికకి పంపించినా "ఇన్ని పేజీలు మించకూడదు" అనే కదా అడుగుతారు. పుస్తకం వేసేటప్పుడైతే ఫారాల లెక్క, ఫారానికి 16 పేజీలు, ఒక్క పేజీ ఎక్కువైనా ఇంకో ఫారం మీద పడతది. డెమ్మీ సైజులో నేను పెట్టే అక్షరానికి పేజీకి సుమారు 210 మాటలు పడతాయి, డైలాగులు ఎక్కువుంటే ఇంకా తగ్గుతాయి. మీ లెక్క మీరు చూసుకోవాలంటే డైలాగున్న పేజీ ఒకటి, వర్ణనున్నది ఒకటి, రెండూ కలిసినది ఒకటి తీసుకుని మాటలు లెక్కపెట్టి సగటు వేసుకోండి, చాలు.

ఇక ఇంగ్లీషు లెక్కల సంగతి. నెట్లో చూస్తే క్రైమ్ నవలకి 70 నుంచి 90 వేల మాటలు, పెద్ద ఫాంటసీకి లక్షా లక్షా ఇరవై వేలు, సిరీస్‌గా వచ్చే చిన్న రొమాన్సులకి 50 వేల దాకా అని ఉంటది. అవి తప్పేం కాదు, ఆ మార్కెట్లో నడిచే లెక్కలే. మన పిలకాయలు వాటిని చూసి తెలుగులో కూడా 90 వేలు నింపాలని కూర్చుంటారు, అక్కడే దెబ్బ తింటున్నారు. "వాడు ఇంట్లోంచి బయటికొస్తున్నాడు" అనేది మనకి మూడు మాటలు, ఇదే ఇంగ్లీషులో చెప్పాలంటే ఏడు దాకా పడతాయి. మన విభక్తులు మాటకే అతుక్కునుంటాయి మరి. నేను చూసిన అనువాదాల్లో 80 వేల ఇంగ్లీషు మాటలు తెలుగులోకి వచ్చేసరికి 55, 60 వేల మధ్య తేలినాయి. అంటే తెలుగులో 90 వేలు రాసినాయన నిజానికి ఇంగ్లీషు లెక్కన సుమారు లక్షా పాతిక వేలు రాసినట్టు, డిటెక్టివ్ నవల చదివేవాడు దాన్ని చేతిలో పట్టుకుని బరువు చూసే పక్కన పెట్టేస్తాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. "చేస్తూ ఉన్నాడు" అని విడగొట్టి రాస్తే రెండు మాటలు, "చేస్తున్నాడు" అంటే ఒకటి. ఒకే నవల ఇద్దరి చేతుల్లో రెండు లెక్కలొస్తది. కాబట్టి రెండు మూడు వేల తేడా గురించి నిద్ర పాడుచేసుకోబాకండి. పది వేలు దాటితే మాత్రం ఆలోచించాలి.

అపోహ: లెక్క ఎక్కువైతే ప్రతి పేజీలో రెండు లైన్లు తీసేస్తే సరిపోద్ది.

దీనికో కేసు చెప్తా, కొంచెం పొడుగే. కావలి నుంచి రిటైరైన టీచర్ గారొకాయన నవల తెచ్చినాడు. 96 వేల మాటలు, నా లెక్కన 457 పేజీలు. ఇస్కపల్లి వైపు రొయ్యల గుంటల మీద కథ. గుంటల ఓనరు తెల్లారేసరికి నీళ్ళల్లో శవమై కనపడతాడు, ఎస్సై ఒకాయన పరిశోధిస్తాడు. భాష చక్కగా ఉంది, గుంటల జీవితం ఆయనకి కొట్టిన పిండి. "ఒక పాతికవేలు తగ్గించు నాయనా, నీ ఇష్టం, ఎక్కడన్నా కొయ్యి" అన్నాడు.

నేనేమీ కొయ్యకుండా ముందు మూడు పేజీ నంబర్లు రాసుకున్నా. శవం ఎక్కడ కనపడింది, హంతకుడు మొదటిసారి ఎక్కడ వచ్చాడు, హంతకుణ్ణి పట్టించే ఆధారం పాఠకుడి కంట్లో మొదటిసారి ఎక్కడ పడింది. ఏ డిటెక్టివ్ నవల వచ్చినా నేను ముందు చేసే పని ఇదే. ఆయన నవలలో శవం 148వ పేజీలో ఉంది, హంతకుడు 390లో, ఆధారం 440లో, అదికూడా ఎస్సై చివర్లో అందరినీ కూర్చోబెట్టి విప్పి చెప్పేటప్పుడు.

148 దాకా ఏముందయ్యా అంటే ఓనరు తాత కథ. వరి పొలాలు గుంటలుగా ఎట్టా మారినాయి, ఉప్పునీళ్ళ గొడవలు, అన్నదమ్ముల వాటాలు, మొత్తం 22 వేల మాటలు. బాగుందా అంటే చాలా బాగుంది. కానీ అట్ట మీద పోలీసు టోపీ బొమ్మ చూసి కొన్నోడు వంద పేజీలు దాటినా ఎవరూ చావకపోతే ఇది నేను కొన్న పుస్తకమేనా అని మళ్ళీ అట్ట చూసుకుంటాడు. ఆ 22 వేలూ అక్కణ్ణించి లేపేశాం. తర్వాత ఎస్సై ఒకే ప్రశ్నని ఆరుగుర్ని ఆరుసార్లు అడిగే సీన్లు ఉన్నాయి, అందులో కొత్త సంగతి తేలేవి రెండే, మిగతా నాలుగూ తీస్తే ఇంకో 9 వేలు పోయినాయి. చివరి వివరణలో 5 వేలు. ప్రతి పేజీలో రెండేసి లైన్లు గీకుంటే ఇవేవీ కదిలేవి కావు, శవం ఓ పది పేజీలు ముందుకి జరిగుండేది, అంతే.

అపోహ: ఎవరూ ఊహించని మనిషిని చివర్లో తెచ్చి హంతకుడంటే అదే గొప్ప ట్విస్టు.

ఈ రచయిత ధీమా కూడా ఇదే. మేత డీలరు 390వ పేజీలో వస్తాడు, 440లో దొరికిపోతాడు, "ఎవురూ కనిపెట్టలేరు చూడు" అని ఆయన సంబరం. కనిపెట్టలేరు సార్, కనపడనోణ్ణి ఎవరు మాత్రం కనిపెడతారు! ఇది ఇప్పటి రూలేం కాదు, రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత 1929లోనే డిటెక్టివ్ కథకి పది నియమాలు రాసి పెట్టాడు, అందులో మొదటిదే ఇది: నేరస్తుడి ప్రస్తావన కథ తొలి భాగంలోనే రావాలి. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ దొరకాలనేది కూడా అందులోనే ఉంది. ఆ పదింటిలో కొన్ని ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు, కొన్ని చూస్తే నవ్వొస్తది, కానీ ఈ రెండూ మాత్రం నిలబడినాయి, ఎందుకంటే చదివేవాడు డిటెక్టివ్‌తో పందెం కాసి చదువుతాడు, పేకలో ముక్కలు దాచిపెట్టి ఆడితే వాడికి మండుద్ది.

ఇక ఆధారం సంగతి. రాత్రిపూట గుంటలో ఆక్సిజన్ తగ్గిపోకుండా ఏరియేటర్లు తిరుగుతుండాలి, ఆగితే తెల్లారేపాటికి రొయ్యలు పైకి తేలి గట్టు వారగా తిరుగుతాయి. కాపలా మనిషి రాత్రంతా ఏరియేటర్లు ఆడాయని సాక్ష్యం చెప్తాడు, శవం దొరికిన పొద్దున రొయ్యలేమో తేలున్నాయి. అంటే వాడు అబద్ధమాడుతున్నాడు, ఆ రాత్రి గుంట దగ్గర లేనే లేడు. షెడ్డులో పడుకున్న ఓనరుకి ఏరియేటర్ల మోత ఆగితే మెలకువ వస్తదని తెలిసినోడెవడో స్టార్టర్ ఆపి ఆయన్ని గట్టు మీదికి రప్పించాడు, పని కాగానే మళ్ళీ ఆన్ చేసి పోయాడు. అద్భుతమైన ఆధారం! అయితే సార్ ఇదంతా 440వ పేజీలో ఎస్సై నోటితో చెప్పించినాడు. శవం సీన్లో రొయ్యల ఊసే లేదు. గుంటల మీద పెరిగిన మనిషి కాబట్టి ఆయనకది తెలిసిన సంగతే అనిపించింది, మార్కాపురంలో చదివేవాడికి ఎట్టా తెలుస్తది?

అందుకని మూడు వేల మాటలు కొత్తగా రాయించా. రెండో చాప్టర్లో ఒక రాత్రి కరెంటు పోద్ది, మోత ఆగంగానే ఓనరు దిగ్గున లేస్తాడు, జనరేటర్ వెయ్యడం ఆలస్యమై రొయ్యలు తేలతాయి. పొద్దున బకాయి అడగడానికొచ్చిన మేత డీలరు అక్కడే టీ తాగుతూ ఈ మాటలన్నీ వింటాడు. శవం సీన్లో ఒక్క వాక్యం, "గట్టు వారగా రొయ్యలు తేలున్నాయి, ఏరియేటర్లు మాత్రం గిర్రున తిరుగుతూనే ఉన్నాయి". అంతే, దాన్ని ఎవరూ వివరించరు. ఆధారం, హంతకుడు, కారణం అన్నీ పాఠకుడి కళ్ళముందే ఉన్నాయి. అన్నీ ముందే ఉండబట్టే చివరి వివరణలో 5 వేలు తియ్యగలిగాం.

ఇది ముందుగా నలుగురికి చదవడానికిచ్చాం. ఒకరు డీలర్ని సగంలో పట్టేశారు, ఇద్దరు చివరిదాకా కాపలా మనిషే అనుకున్నారు, ఇంకొకరికి ఓనరు తమ్ముడి మీద అనుమానం. నలుగురూ డీలరనే అనుంటే ఆధారం మరీ బయటపడ్డట్టు, ఒక్కరూ అనకపోగా చదివాక కూడా "ఎట్టా?" అని అడిగుంటే ఆధారం కనపడనట్టు. నేను చూసుకునే కొలత ఇదే.

అపోహ: ప్రేమ నవలకి విషాదాంతం పెడితేనే సాహిత్యం.

పెట్టుకోండి, మనోళ్ళు ఏడ్చి ఏడ్చి చదివిన నవలలు బోలెడు. అట్ట మీద, వెనక పరిచయంలో మాత్రం రొమాన్స్ అని వెయ్యొద్దు. ఆ పేరు చూసి కొనేవాళ్ళు చివరికి ఇద్దరూ ఒకటవుతారనే నమ్మకంతో కొంటారు, ఎట్టా ఒకటవుతారన్నదే వాళ్ళ ఉత్కంఠ.

అపోహ: యాప్‌లో లక్ష మాటల సీరియల్ ఆడింది, అదే పుస్తకంగా వేసెయ్యొచ్చు.

సీరియల్లో ప్రతి భాగం మొదట్లో జరిగిన కథ గుర్తుచేస్తారు, చివర్లో ఒక ఝలక్ ఇస్తారు. ఫోన్లో వారానికోసారి చదివేవాడికి అది కావాలి, పుస్తకంలో పేజీ తిప్పంగానే మళ్ళీ అదే కథ కనపడితే విసుగు. 60 భాగాల్లో ఒక్కోదానికి 90 మాటలు గుర్తుచేయడానికే పోయినాయనుకోండి, 5,400 మాటలు. ముందు వాటిని తీసి తర్వాత లెక్క చూసుకోండి.

మన సార్ నవల చివరికి 63 వేల దగ్గర ఆగింది, టైటిల్ పేజీలతో కలిపి 304 పేజీలు, సరిగ్గా 19 ఫారాలు. శవం 60వ పేజీ దగ్గరికి వచ్చింది, ఇంకా ముందుకి లాగుదామంటే ఆయన ఒప్పుకోలా, నేనూ గట్టిగా పట్టుబట్టలా. తీసేసిన తాత కథ నా సిస్టంలో వేరే ఫైల్లో ఉంది. 22 వేల మాటలు, అమెరికాలో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే నెబ్యులా అవార్డుల లెక్కన 17,500 నుంచి 40 వేల లోపుదంతా నవలిక. ఆ మాట చెప్పినప్పటి నుంచి సార్ రెండ్రోజులకోసారి ఫోన్ చేసి దానికి పేర్లు చెప్తున్నాడు.