కట్టిన వాయిదా నుంచి ఫ్లాటు ధర దాకా

మా పై అంతస్తులో ఉండే కుర్రాడు మొన్న రసీదులు పట్టుకుని కిందికి వచ్చాడు. కట్టుబడిలో ఉన్న ఫ్లాటు కొనుక్కున్నాడు. “మాస్టారూ, ఇప్పటిదాకా 25 శాతం కట్టాను, 14,17,500 రూపాయలు. ఆ లెక్కన మొత్తం 56,70,000 అవుతోంది. అగ్రిమెంటులో ధర 54,00,000 అనే ఉంది. బిల్డరు ఎక్కువ లాగుతున్నాడా?” అని అడిగాడు.

అతను చేసిన లెక్క తప్పు కాదు. 25 శాతం 14,17,500 అయితే, దాన్ని 25తో భాగిస్తే ఒక శాతం 56,700. వంద శాతానికి వందతో గుణిస్తే 56,70,000. ఇది మన త్రైరాశికమే. బడిలో దీన్ని శాతాల పాఠంలో వేరే సూత్రంగా బట్టీ పట్టిస్తారు. అందుకే పిల్లలకు ఎప్పుడు గుణించాలో ఎప్పుడు భాగించాలో తెలియదు.

నాకు ఇంకో పాత దారి ఇష్టం. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో తామరపూల లెక్క ఉంది. పూలలో మూడో వంతు శివుడికి, అయిదో వంతు విష్ణువుకి, ఆరో వంతు సూర్యుడికి, నాలుగో వంతు భవానికి ఇచ్చాక గురువుకు ఆరు పూలు మిగిలాయి. మొత్తం ఎన్ని? దీనికి ఇష్టకర్మ అనే పద్ధతి ఉంది. మొత్తం 60 అని మనకు అనుకూలమైన సంఖ్య ఒకటి అనుకుందాం. అప్పుడు పంచినవి 20, 12, 10, 15, మిగిలేవి మూడు. నిజంగా మిగిలినవి ఆరు, అంటే రెట్టింపు. కాబట్టి మొత్తం కూడా 60కి రెట్టింపు, 120.

శాతం అంటే ఇదే! అనుకున్న సంఖ్యను ఎప్పుడూ 100గా పెట్టేసుకున్నాం, అంతే. ధర 100 రూపాయలైతే వాయిదా 25 కట్టేవాళ్లం. నిజంగా కట్టింది అందుకు 56,700 రెట్లు. కాబట్టి ధర కూడా వందకు అన్ని రెట్లే. ఇలా చూస్తే ఏ సూత్రమూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కాకపోతే ఒక్కటి తప్పకుండా తేల్చుకోవాలి: ఆ వంద దేనికి పెట్టుకున్నాం?

మావాడి చిక్కుముడి అక్కడే ఉంది. రసీదు మళ్లీ చూడమన్నాను. అడుగున చిన్న అక్షరాల్లో “జీఎస్టీతో కలిపి” అని ఉంది. 45 లక్షలు దాటిన, కట్టుబడిలో ఉన్న ఇళ్లకు 2019 ఏప్రిల్ నుంచి జీఎస్టీ 5 శాతం. అంటే అతను కట్టిన డబ్బులో ధరా ఉంది, పన్నూ ఉంది. వెనక్కి లెక్కేసి తెచ్చిన 56,70,000 కూడా పన్నుతో కలిసిన మొత్తమే.

“అయితే అందులోంచి 5 శాతం తీసేస్తే సరిపోతుందిగా!” అన్నాడు. తీసి చూశాం. 56,70,000లో 5 శాతం 2,83,500. మిగిలింది 53,86,500. అగ్రిమెంటు కంటే 13,500 తక్కువ!

మళ్లీ ఇష్టకర్మకే వెళ్లాం. ధర 100 అనుకుంటే పన్ను 5, కట్టేది 105. చేతిలో ఉన్న 56,70,000 ఆ 105కి సమానం, 100కి కాదు. 105తో భాగిస్తే 54,000. వందతో గుణిస్తే 54,00,000. అగ్రిమెంటు సరిగ్గానే ఉంది. ఆ 13,500 ఎక్కడిదో కూడా కనిపెట్టాం. అసలు పన్ను 2,70,000. మనం మొత్తం మీద 5 శాతం తీయడంతో ఆ పన్ను మీద కూడా 5 శాతం తీసేశాం. 2,70,000లో 5 శాతం సరిగ్గా 13,500. ఇరవై శాతం తగ్గింపు పోను 800 పెట్టి చీర కొన్నవాళ్లు, దాని అసలు ధర కోసం 800కి 20 శాతం కలిపి 960 అనుకోవడం కూడా ఇలాంటిదే. ఆ 800 అసలు ధరలో 80 శాతం, కాబట్టి అసలు ధర 1000.

సరిచూసుకోవాలంటే ముందుకు నడవాలి. 54,00,000లో పావు వంతు 13,50,000. దాని మీద 5 శాతం 67,500. కలిపితే 14,17,500, రసీదులో ఉన్న అంకె. మావాడి మొహం తేటపడింది.

ఈ లెక్కకు ఒక హద్దు ఉంది. అతని రసీదులో 25 అనేది కచ్చితమైన శాతం. కొన్ని స్టేట్‌మెంట్లలో మాత్రం శాతాన్ని దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించి వేస్తారు. కట్టింది 4,00,000, అది 7 శాతం అని ఉందనుకోండి. అసలు శాతం 6.5 నుంచి 7.5 దాకా ఏదైనా కావచ్చు. అప్పుడు మొత్తం దాదాపు 53,33,000 నుంచి 61,54,000 దాకా ఎంతైనా అయ్యే వీలుంది. అదే కట్టింది 50,00,000, అది 93 శాతం అని ఉంటే, మొత్తం సుమారు 53,48,000కీ 54,05,000కీ మధ్యలో చిక్కుతుంది. అర శాతం తేడా ఏడులో పద్నాలుగో వంతు, తొంభై మూడులో అది నూట ఎనభై ఆరో వంతే. అందుకని మొదటి వాయిదా దగ్గర కూర్చుని శాతంతో ధర పట్టుకోబోయేవాళ్లు అగ్రిమెంటులో అంకె చూసుకోవడమే నయం.