కామా దగ్గర పోయే మార్కులు: ఇంగ్లిష్ ఎస్సేల గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

ఐఈఎల్‌టీఎస్‌కి తయారయ్యేవాళ్ల ఎస్సేలు దిద్దడం నా రోజువారీ పని. రెండో టాస్క్‌కి 40 నిమిషాలు కేటాయించుకుని, కనీసం 250 పదాలు రాయాలి. స్పెల్లింగ్ తప్పయితే మళ్లీ చదివినప్పుడు చాలామందికి దొరుకుతుంది. వాక్యాన్ని తప్పు చోట ఆపినా, ఆపాల్సిన చోట ఆపకపోయినా దొరకదు. తెలుగు చెవికి అది తప్పులా వినిపించకపోవడమే కారణం.

అపోహ: ఊపిరి తీసుకునే చోట కామా పెడితే చాలు.

"వర్షం తగ్గింది, మేం బయల్దేరాం" అని తెలుగులో రాస్తే ఎవరూ తప్పు పట్టరు. అదే ఇంగ్లిష్‌లో "ద రెయిన్ స్టాప్డ్, వుయ్ లెఫ్ట్" అంటే కామా స్ప్లైస్. కామాకి రెండు వైపులా ఉన్నవి దేనికది పూర్తి వాక్యాలు, దేని కర్త, క్రియ దానికి ఉన్నాయి. అలాంటి రెండింటిని కామా ఒక్కటే కలపలేదు. ఫుల్‌స్టాప్ గానీ సెమికోలన్ గానీ పెట్టాలి, లేదా కామా తర్వాత "సో" లాంటి మాట చేర్చాలి. "వెన్ ద రెయిన్ స్టాప్డ్, వుయ్ లెఫ్ట్" అని మొదటి భాగాన్ని రెండోదాని మీద ఆధారపడేలా మార్చినా సరిపోతుంది.

ఇక ఆ కామా కూడా తీసేస్తే అది రన్-ఆన్. రన్-ఆన్ అంటే చాంతాడంత వాక్యం అనుకుంటారు గానీ, పైన చూసినది ఐదే మాటలు. సరిగ్గా కలిపిన అరవై మాటల వాక్యం రన్-ఆన్ కాదు.

అపోహ: "హౌవెవర్", "బట్" రెండూ ఒకటే.

నేను ఎక్కువగా ఎర్ర పెన్ను పెట్టేది ఇక్కడే. అర్థం దాదాపు ఒకటే, రెండింటికీ మనం "కానీ" అనే చెప్పుకుంటాం. కాబట్టి "మెనీ పీపుల్ వర్క్ ఫ్రమ్ హోమ్, హౌవెవర్ దే ఫీల్ లోన్లీ" అని చెయ్యి అలవాటుగా రాసేస్తుంది. "బట్" రెండు వాక్యాలను కలిపే మాట, "హౌవెవర్" కలపలేదు, అది క్రియావిశేషణం. తేడా తెలియాలంటే ఆ మాటను పక్కకి జరిపి చూడండి. "దే, హౌవెవర్, ఫీల్ లోన్లీ" అనొచ్చు. "దే బట్ ఫీల్ లోన్లీ" అనలేం. అలా జరిగే మాటకి ముందు ఫుల్‌స్టాప్ లేదా సెమికోలన్, తర్వాత కామా రావాలి: "మెనీ పీపుల్ వర్క్ ఫ్రమ్ హోమ్; హౌవెవర్, దే ఫీల్ లోన్లీ." "దేర్‌ఫోర్", "మోరోవర్" కూడా ఇదే జాతి.

అపోహ: "బికాజ్"తో వాక్యం మొదలుపెట్టకూడదు.

మొదలుపెట్టొచ్చు, మధ్యలో వదిలేయకూడదంతే. "నేను రాలేదు. ఎందుకంటే ఒంట్లో బాగోలేదు." తెలుగులో ఈ రెండు వాక్యాలూ చక్కగా ఉన్నాయి. వాటినే మాటకి మాట ఇంగ్లిష్‌లో పెడితే రెండోది "బికాజ్ ఐ వాజ్ నాట్ వెల్" అని ఫ్రాగ్మెంట్‌గా, అంటే సగం వాక్యంగా మిగిలిపోతుంది. "బికాజ్ ఐ వాజ్ నాట్ వెల్, ఐ డిడ్ నాట్ కమ్" అంటే ఏ ఇబ్బందీ లేదు. కామా స్ప్లైస్ గురించి కొత్తగా నేర్చుకున్నవాళ్లు భయంతో ప్రతిచోటా ఫుల్‌స్టాప్ పెట్టి, "వేరాజ్", "సచ్ యాజ్"లతో మొదలయ్యే ఫ్రాగ్మెంట్లు తెచ్చుకుంటారు. నాకు ఇది కామా తప్పుల కన్నా బాధగా ఉంటుంది, ఎందుకంటే శ్రద్ధగా దిద్దుకోబోయి చేసిన తప్పు.

రెండు రకాలనూ పట్టుకునే పరీక్ష ఒకటుంది. అనుమానం వచ్చిన ముక్క ముందు "ఈజ్ ఇట్ ట్రూ దట్" చేర్చి చదవండి. ప్రశ్న పూర్తయితే అది వాక్యం. "ఈజ్ ఇట్ ట్రూ దట్ బికాజ్ ఐ వాజ్ నాట్ వెల్" అని చదివితే ఇంకేదో రావాలనిపిస్తుంది, అంటే అది ఫ్రాగ్మెంట్. కామాకి రెండు వైపులా ప్రశ్న పూర్తయి, మధ్యలో కలిపే మాట లేకపోతే అది స్ప్లైస్.

అపోహ: అర్థమైతే మార్కులు తగ్గవు.

నాలుగు సమాన ప్రమాణాల్లో ఒకటి వ్యాకరణానిదే. బ్యాండ్ 7కి తప్పుల్లేని వాక్యాలు తరచుగా కనిపించాలి. 14 వాక్యాల ఎస్సేలో 4 స్ప్లైస్‌లు ఉన్నాయనుకోండి. ఆ నాలుగింటిలో మిగతా వ్యాకరణమంతా సరిగ్గా ఉన్నా, అవి తప్పుల్లేని వాక్యాల కిందికి రావు. పైగా ఒక్కో స్ప్లైస్‌లో విడిగా నిలబడగల రెండు మంచి వాక్యాలు పాడవుతున్నాయి.

చివరి 3 నిమిషాల్లో ఎస్సే అంతా చదవకండి, టెన్షన్‌లో కళ్లు అక్షరాల మీదుగా జారిపోతాయి. కామాల మీద మాత్రమే వేలు పెట్టుకుంటూ వెళ్లండి. కామా తర్వాత "దిస్", "ఇట్", "దే", "హౌవెవర్", "దేర్‌ఫోర్" వస్తే ఆగి, ఎడమవైపు ముక్కకీ కుడివైపు ముక్కకీ ఆ ప్రశ్న వేయండి. రెండూ నిలబడితే కామాని ఫుల్‌స్టాప్ చేసి, తర్వాతి మాట మొదటి అక్షరాన్ని పెద్దది చేయండి.