సర్వే ఖర్చు ఏ పద్దులోది?

శ్రీకాకుళం జిల్లాలోని చిన్న స్వచ్ఛంద సంస్థల బడ్జెట్లలో పర్యవేక్షణ, మూల్యాంకనం దగ్గర చాలాసార్లు 5 శాతం అని ఒక్క అంకె ఉంటుంది. నిధులిచ్చేవాళ్లు 3 నుంచి 10 శాతం మధ్య ఒప్పుకోవడం పాత ఆనవాయితీ. అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ 2011లో బయటివాళ్ల మూల్యాంకనానికే సుమారు 3 శాతం ఉంచాలని విధానం పెట్టుకుంది.

ఈ ఖర్చంటే భయం పెరగడానికి మన చట్టాలూ కారణమే. 2010 విదేశీ విరాళాల చట్టం పరిపాలనా ఖర్చుకు 50 శాతం పరిమితి పెడితే, 2020 సవరణ దాన్ని 20కి దించింది. క్షేత్ర సమాచారం సేకరించే సిబ్బంది జీతాలకు నిబంధనల్లో మినహాయింపు ఉంది. కానీ అది ప్రధానంగా పరిశోధన, శిక్షణ చేసే సంస్థలకు. తాగునీరు అందించే సంస్థ అయితే డేటా ఉద్యోగి జీతం ఏ పద్దులో రాయాలో ఆడిటర్‌తో ముందే తేల్చుకోవాలి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ నిధుల సంగతి వేరు. 2021 సవరణలోని 5 శాతం పరిమితి కంపెనీ పరిపాలనా ఖర్చుకే. ఫలానా ప్రాజెక్టు కోసం నేరుగా పెట్టే పర్యవేక్షణ, మూల్యాంకన ఖర్చు అందులోకి రాదు. ఈ తేడా తెలియక సర్వే డబ్బులు అడగడానికే వెనకాడేవాళ్లున్నారు.

నా మట్టుకు ముందు ఖర్చులు లెక్కేసుకోవాలి, శాతం చివర్లో తేలాలి. ఉద్దానంలో 3 ఏళ్లకు 60 లక్షల తాగునీటి ప్రాజెక్టు ఉందనుకుందాం. పని మొదలుకాకముందు చేసే బేస్‌లైన్ సర్వేకు 400 ఇళ్లు. ఇంటింటికీ వెళ్లి వివరాలు రాసుకునే ఎన్యూమరేటర్ ఒకరు రోజుకు 8 ఇళ్లు చేస్తే 50 పనిదినాలు. కూలీ, ప్రయాణం కలిపి రోజుకు 900 చొప్పున 45,000. ఐదుగురికి రెండు రోజుల శిక్షణ 9,000. సూపర్‌వైజర్‌కు 12 రోజులు 14,400. ప్రింటింగ్, ఫోన్ రీఛార్జ్ 6,600. మొత్తం 75,000. చివర్లో ఇదే సర్వే మళ్లీ చేస్తే రెండూ కలిపి లక్షన్నర. సగం సమయం పనిచేసే డేటా ఉద్యోగికి నెలకు 7,500 చొప్పున 36 నెలలకు 2.7 లక్షలు. అన్నీ కలిపి 4.2 లక్షలు, అంటే 7 శాతం.

తేడా కొట్టేది తాళం వేసిన ఇళ్ల దగ్గర. ఇక్కడ వలసలు ఎక్కువ. మళ్లీ వెళ్లడానికి రోజులు రాయకపోతే ఎన్యూమరేటర్ పక్కింటికి వెళ్లిపోతాడు. ఫారాల్లో ముసలివాళ్లే ఎక్కువ కనిపిస్తుంటే అదే జరిగిందేమోనని అనుమానించాలి. రెండు సర్వేలూ ఒకే కాలంలో జరగాలి. వేసవి నీటి వాడకాన్ని అక్టోబర్‌తో పోల్చలేం.

అదే ప్రాజెక్టు 20 లక్షలదైనా 400 ఇళ్లు 400 ఇళ్లే. రెండు సర్వేలకే 7.5 శాతం పోతుంది. అప్పుడు ఇంటింటి సర్వే మానేసి, ప్లాంటు దగ్గర నీళ్ల రిజిస్టరు, నెలనెలా నీటి పరీక్షలు సక్రమంగా రాసే మనిషికి ఆ డబ్బు పెట్టడం మంచిది.